రెండో ఆపరేషన్ గురించి మొదటి ఆపరేషన్‌కి ముందే అడగండి

(గుండె వాల్వ్ మార్చుకోవాల్సి వచ్చిన వాళ్లకీ వాళ్ల ఇంట్లోవాళ్లకీ ఒక హార్ట్ సర్జన్ చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్లు చదువుకోవడానికి వీలుగా రికార్డింగ్ విని టైప్ చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

నా దగ్గరికి వచ్చే ప్రతి కుటుంబమూ చివరికి ఒకటే ప్రశ్న అడుగుతుంది. "డాక్టరుగారూ, మెటల్ వాల్వ్, టిష్యూ వాల్వ్, ఈ రెండింట్లో ఏది మంచిది? మీ ఇంట్లో వాళ్లకయితే ఏది పెడతారు?" అని. నేనేమంటానంటే, మా ఇంట్లో ఎవరికి? మా అమ్మకా, మా తమ్ముడికా, మా అమ్మాయికా? ఎందుకంటే ఈ ముగ్గురికీ నా జవాబు వేరువేరుగా ఉంటుంది. మంచి వాల్వ్, చెడ్డ వాల్వ్ అని లేవండీ. ఉన్నవి రెండు రకాల ఇబ్బందులు. ఒకటి రోజూ కొంచెం కొంచెంగా ఉండే ఇబ్బంది, ఇంకొకటి చాలా ఏళ్లు కనపడకుండా ఉండి ఒక్కసారిగా వచ్చే ఇబ్బంది. మీ వయసుకి, మీ బతుకు తీరుకి ఏ ఇబ్బంది తట్టుకోగలరన్నదే అసలు లెక్క.

ముందే ఒక మాట. ఇవాళ ఎక్కువగా అయోర్టిక్ వాల్వ్ గురించే మాట్లాడతాను, అంటే గుండె నుంచి ఒంటికి రక్తం బయటికి వెళ్లే దారిలో ఉన్న వాల్వ్. మైట్రల్, అంటే గుండె లోపల ఎడమవైపు రెండు గదుల మధ్య ఉన్న వాల్వ్, దాని గురించి మధ్యలో ఒకచోట చెప్తాను. మైట్రల్ లీకు ఉన్నవాళ్లు మాత్రం ఇది గుర్తుంచుకోండి, మీ సొంత వాల్వ్‌ని రిపేర్ చేయడానికి వీలుంటే చాలావరకు అదే మేలు, అప్పుడు ఈ గొడవే ఉండదు. రిపేర్ కుదరదని తేలాకే ఈ మెటలా టిష్యూనా అన్న ప్రశ్న వస్తుంది.

సరే, ఈ రెండూ ఏంటి? మెకానికల్ వాల్వ్‌ని అందరూ మెటల్ వాల్వ్ అంటారు. నిజానికి లోపల తెరుచుకుని మూసుకునే రెండు రెక్కలు ఒక రకం గట్టి కార్బన్‌తో చేసినవి. అరగదు. ముప్పై ఏళ్లు, నలభై ఏళ్లు అయినా ఆ రెక్కలు అలాగే ఉంటాయి. కానీ మన రక్తానికి అది పరాయి వస్తువు, రెక్కల కీలు దగ్గర రక్తం కొంచెం నెమ్మదించినా చాలు, గడ్డ కట్టడం మొదలుపెడుతుంది. ఆ గడ్డ వాల్వ్‌ని బిగిసిపోయేలా చేయొచ్చు, లేదా ఊడి మెదడుకి వెళ్తే పక్షవాతం. అందుకని రక్తం పలచబడే మందు, అంటే వార్ఫరిన్ గానీ ఆ కోవలోదే ఇంకొకటి గానీ, బతికున్నంతకాలం.

టిష్యూ వాల్వ్ అంటే పంది గుండెలోని వాల్వ్ గానీ, పశువు గుండె చుట్టూ ఉండే పొరని కత్తిరించి కుట్టింది గానీ. గ్లూటరాల్డిహైడ్ అనే రసాయనంలో నానబెట్టి శుద్ధి చేస్తారు, దాంతో మన ఒళ్లు దాన్ని తిప్పికొట్టదు. రక్తంతో దీనికి పెద్ద పేచీ లేదు. మొదటి మూడు నుంచి ఆరు నెలలు పలచబడే మందు ఇస్తాం, లేదా ఆస్పిరిన్ ఒక్కటే ఇస్తాం, అది డాక్టరుని బట్టి. ఆ తర్వాత చాలామందికి ఆస్పిరిన్ సరిపోతుంది. కానీ ఆ పొర చచ్చిన కణజాలం కదా, తనని తాను బాగుచేసుకోలేదు. రోజుకి లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటూ ఉంటుంది. మెల్లగా దాని మీద కాల్షియం పేరుకుంటుంది, గట్టిపడుతుంది, లేదా అంచు దగ్గర చిరుగుతుంది.

ఇప్పుడు చాలామందికి తెలియని విషయం చెప్తాను. ఒకే కంపెనీ, ఒకే సైజు టిష్యూ వాల్వ్‌ని డెబ్భై ఏళ్లాయనకి, ముప్పై ఏళ్ల కుర్రాడికి పెట్టామనుకోండి. డెబ్భై ఏళ్లాయనకి అది పదిహేనేళ్లు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ వస్తుంది. కుర్రాడికి పదేళ్ల లోపే పాడైపోవచ్చు. ఎందుకు? కుర్రాడి ఒంట్లో కాల్షియం కదలిక ఎక్కువ, రోగనిరోధక శక్తి ఎక్కువ, రక్తం నెట్టే జోరు ఎక్కువ. మామూలుగా మనం బలం అనుకునేవన్నీ ఇక్కడ వాల్వ్‌కి శత్రువులు. కాబట్టి "ఈ వాల్వ్ పదిహేనేళ్లు వస్తుంది" అని ఎవరైనా చెప్తే వెంటనే అడగండి, ఏ వయసు వాళ్లకి అండీ? అని. ఆ పదిహేనేళ్ల లెక్క ఎక్కువగా అరవై అయిదు దాటినవాళ్లలో చూసింది.

పలచబడే మందుతో బతకడం అంటే

రక్తం ఎంత పలచబడిందో చూపించే ఐఎన్ఆర్ అనే పరీక్ష గురించి చాలామందికి తెలిసే ఉంటుంది. మందు వేసుకోని మనిషికి అది 1 దగ్గర ఉంటుంది. అయోర్టిక్ చోట ఇప్పుడు వాడే రెండు రెక్కల మెకానికల్ వాల్వ్ ఉండి, వేరే సమస్యలేవీ లేకపోతే 2.5 దగ్గర ఉంచుతాం, అంటే 2 నుంచి 3 మధ్య. మైట్రల్ చోట అయితే 3 దగ్గర, 2.5 నుంచి 3.5 మధ్య. అక్కడ రక్తం నెమ్మదిగా వెళ్తుంది కాబట్టి గడ్డ కట్టే అవకాశం ఎక్కువ. ఇంకా తక్కువ ఐఎన్ఆర్‌తో, 1.5 నుంచి 2తో, ఆస్పిరిన్ కలిపి నడిపించే ఒక రకం మెకానికల్ వాల్వ్ కూడా ఉంది, కానీ అది అయోర్టిక్ చోట మాత్రమే, అదీ మొదటి మూడు నెలలు దాటాకే. మీకు పెట్టింది ఏ రకమో తెలియకుండా పక్కవాళ్ల నంబరు మీరు పాటించకండి.

మందు మానేస్తే ఏమవుతుందో చెప్పమంటారా? పాత లెక్కల ప్రకారం మెకానికల్ వాల్వ్ ఉండి ఏ మందూ లేకపోతే ఏడాదికి నూరుమందిలో దాదాపు నలుగురికి పెద్ద గడ్డ వెళ్లి ఎక్కడో అడ్డుపడుతుంది. వార్ఫరిన్ సరిగ్గా వేసుకుంటే ఆ నలుగురు ఒకరికి తగ్గుతారు. తగ్గుతారు, సున్నా అవ్వదు. చూశారా, మందు వేసుకున్నా పూర్తి హామీ లేదు.

రెండో వైపు రక్తస్రావం. ఆసుపత్రిలో చేరాల్సినంత రక్తస్రావం మందు సరిగ్గా నడిచినవాళ్లలో కూడా ఏడాదికి నూరుమందిలో ఒకరిద్దరికి అవుతుంది. ఒకరిద్దరే కదా అనిపిస్తుంది. కానీ ఇది ఏడాదికి. లెక్క వేసి చూద్దాం. ఏడాదికి నూటికి ఒక్కరు అనుకుంటే ముప్పై ఏళ్లలో నూటికి ఇరవై ఆరుమందికి ఎప్పుడో ఒకసారి అవుతుంది. నూటికి ఇద్దరు అనుకుంటే ముప్పై ఏళ్లకి నలభై అయిదుమంది. ఒకటికీ రెండుకీ మధ్య ఉన్న తేడా అంతా ఎక్కడుంది? ఐఎన్ఆర్‌ని ఎంత నిలకడగా ఉంచారన్నదాంట్లో ఉంది. అందుకే మెకానికల్ వాల్వ్ పెట్టించుకునే ముందు నేను అడిగే మొదటి ప్రశ్న గుండె గురించి కాదు, "నెలకొకసారి రక్త పరీక్ష చేయించుకోవడానికి మీకు వీలవుతుందా? ఫలితం చూసి మోతాదు మార్చి చెప్పే మనిషి మీకు అందుబాటులో ఉన్నాడా?" అని. ఇంట్లో వేలికి సూది గుచ్చుకుని చూసుకునే చిన్న మెషిన్లు కూడా ఉన్నాయి, సరిగ్గా నేర్చుకుని వాడేవాళ్లలో గడ్డలు కట్టే ప్రమాదం తగ్గినట్టు కనిపించింది.

ఐఎన్ఆర్ ఎందుకు ఊగుతుంది? తిండి వల్ల అని అందరూ చెప్తారు, ఆకుకూరలు మానేయమంటారు. మానేయక్కర్లేదండీ. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది ఈ మందుకి ఎదురు పనిచేస్తుంది, నిజమే. కానీ మీరు వారం వారం ఇంచుమించు ఒకే మోతాదులో తింటే, మేము దానికి తగ్గట్టు మాత్ర సర్దుతాం. ఇబ్బంది ఎక్కడొస్తుందంటే నెలంతా తినకుండా ఉండి, ఒక వారం విపరీతంగా తింటే. నేను ఎక్కువగా భయపడేది తిండికి కాదు, వేరే మాత్రలకి. విరేచనాలకి, పంటి నొప్పికి మెట్రోనిడజోల్ రాస్తారు, మూత్రంలో మంటకి కోట్రైమాక్సజోల్ రాస్తారు. ఇవి వేసుకున్న కొద్ది రోజుల్లోనే ఐఎన్ఆర్ అమాంతం పెరిగిపోవచ్చు. టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ దీనికి తిరగబడి పనిచేస్తుంది, ఐఎన్ఆర్ పడిపోతుంది. ఒళ్లు నొప్పుల మాత్రలు ఐఎన్ఆర్‌ని పెద్దగా కదపకపోయినా కడుపులో పుండు చేసి అక్కడి నుంచి రక్తం కారేలా చేస్తాయి. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పళ్ల డాక్టరయినా సరే, నోరు తెరవగానే "నాకు మెటల్ వాల్వ్ ఉంది, వార్ఫరిన్ వేసుకుంటున్నాను" అని చెప్పాలి. కొత్త మాత్ర ఏది మొదలుపెట్టినా మూడు నుంచి అయిదు రోజుల్లో ఒక ఐఎన్ఆర్ చేయించుకోవాలి.

ఇక్కడ ఎవరో ఒకరు లేచి, "ఇప్పుడు పరీక్షలు అక్కర్లేని కొత్త మందులు వచ్చాయట కదా" అంటారు. వచ్చాయి. వేరే జబ్బులకి చక్కగా పనిచేస్తున్నాయి. మెకానికల్ వాల్వ్‌కి మాత్రం పనికిరావు. వాటిలో డాబిగాట్రాన్ అనే మందుతో ఒక పరిశోధన చేశారు, గడ్డలూ రక్తస్రావమూ రెండూ ఎక్కువ కావడంతో మధ్యలోనే ఆపేశారు, 2013లో ఫలితాలు అచ్చయ్యాయి. తర్వాత అపిక్సబాన్‌తో ఇంకొకటి చేశారు, అదీ ఆపేశారు. కాబట్టి మంచి ఉద్దేశంతోనే అయినా ఎవరైనా మీ వార్ఫరిన్ మాన్పించి కొత్త మాత్రకి మారుస్తామంటే, మీ గుండె డాక్టరుతో మాట్లాడకుండా ఒప్పుకోకండి.

టిష్యూ వాల్వ్ పాడవడం అంటే

ఇది ఒక్కరోజులో ఆగిపోయే వస్తువు కాదు. చాలామందిలో మెల్లగా గట్టిపడుతుంది. మొదట ఎకోలో, అంటే గుండె స్కాన్‌లో కనిపిస్తుంది, తర్వాత మీకు తెలుస్తుంది. వాల్వ్ ముందూ వెనకా ఒత్తిడిలో తేడా, మేము గ్రేడియంట్ అంటాం, ఏటేటా కొంచెం పెరుగుతూ వస్తుంది. అందుకే ఆపరేషన్ అయిన మొదటి మూడు నెలల్లో తీసిన ఎకో కాగితం పారేయకండి. పదేళ్ల తర్వాత మీ గ్రేడియంట్ 25 వస్తే అది మొదటి నుంచీ ఉన్నదా, కొత్తగా పెరిగిందా అన్నది ఆ కాగితం ఒక్కటే చెప్తుంది. మెట్లు ఎక్కితే ఆయాసం రావడం, డాక్టరు స్టెతస్కోప్ పెడితే కొత్త శబ్దం వినపడటం, ఇవి ఆ తర్వాతి గుర్తులు. చిరిగితే మాత్రం వేగంగా ముదురుతుంది, రోజుల్లోనే పడుకోలేనంత ఆయాసం రావచ్చు.

మరి రెండో ఆపరేషన్ ఎంత ప్రమాదం? ఇక్కడ రెండు రకాల మాటలు వింటారు. ఒకరు "అదేముంది, మళ్లీ మార్చేయొచ్చు" అంటారు, ఇంకొకరు "రెండోసారి ఛాతీ తెరిస్తే బతకరు" అంటారు. రెండూ తప్పే. మొదటి ఆపరేషన్ తర్వాత గుండె, ఛాతీ ఎముక వెనక భాగానికి అతుక్కుపోతుంది. రెండోసారి ఎముక కోసేటప్పుడు గుండె గోడకి గానీ పెద్ద రక్తనాళానికి గానీ తగలకుండా మెల్లగా విడదీయాలి. సమయం ఎక్కువ పడుతుంది, రక్తం ఎక్కువ పోతుంది. మనిషి ఇంకా బలంగా ఉన్నప్పుడు, ప్లాన్ చేసుకుని, అనుభవమున్న చోట చేస్తే చాలామంది బాగానే బయటపడతారు, ప్రమాదం మొదటిసారి కన్నా ఎక్కువే అయినా భయపడి పారిపోవాల్సినంత కాదు. అదే ఊపిరితిత్తుల్లో నీరు నిండి అత్యవసరంగా వస్తేనో, వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ పట్టి వస్తేనో ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. అంటే ఏంటి? రెండో ఆపరేషన్ ప్రమాదం సగం మీ చేతుల్లో ఉంది, ఏటా ఎకో చేయించుకున్నారా లేదా అన్నదాంట్లో ఉంది.

ఒక మనిషిని తీసుకుందాం

గాల్లో మాట్లాడటం కన్నా ఒక మనిషిని ఊహించుకుందాం. వయసు 52. పుట్టుకతోనే అయోర్టిక్ వాల్వ్‌కి మూడు రెక్కల బదులు రెండు రెక్కలున్నాయి, ఇప్పుడది గట్టిపడి బిగుసుకుపోయింది. షుగరు లేదు, గుండె లయ సరిగ్గా ఉంది, కిడ్నీలు బాగున్నాయి. వాల్వ్ కూర్చునే రింగు చిన్నది, 21 మిల్లీమీటర్ల వాల్వ్ పడుతుంది. ఇంకో ముప్పై ఏళ్లు బతకాలని ఆశ.

మెకానికల్ పెడితే: వాల్వ్ అరిగి రెండో ఆపరేషన్ చేయాల్సిన పని లేదు. అసలే రాదని కాదు, రింగు చుట్టూ కండ పెరిగి రెక్కకి అడ్డం రావచ్చు, పక్కనుంచి లీకు రావచ్చు, ఇన్ఫెక్షన్ రావచ్చు, కానీ ఎక్కువమందికి రాదు. బదులుగా ముప్పై ఏళ్ల వార్ఫరిన్. ఇందాక వేసిన ఇరవై ఆరు, నలభై అయిదు లెక్క ఈయనదే. పైగా డెబ్భై అయిదు దాటాక కాళ్లు తడబడి పడిపోవడం, మతిమరుపుతో మాత్రలు కలగాపులగం కావడం, ఇవి మొదలయ్యే వయసులోనే మందు ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఇంకొక సంగతి, మెకానికల్ వాల్వ్‌కి ఏదైనా అయితే ఛాతీ తెరవడమే దారి. దాని లోపల కెథెటర్ అనే సన్నని గొట్టంతో కొత్తది పెట్టడం కుదరదు.

టిష్యూ పెడితే: ఈ వయసులో పది, పన్నెండేళ్లు వస్తుందనుకుందాం. అంటే అరవై నాలుగు దగ్గర అది పాడవుతుంది. అప్పుడు రెండు దారులు. ఒకటి మళ్లీ ఛాతీ తెరవడం. రెండోది, తొడ దగ్గర రక్తనాళం గుండా కెథెటర్ పంపి పాత వాల్వ్ లోపలే కొత్త వాల్వ్‌ని తెరవడం, దీన్ని వాల్వ్-ఇన్-వాల్వ్ అంటాం. వినగానే ఎంత హాయిగా ఉంది! ఈ ఒక్క మాట చెప్పి యాభై ఏళ్లవాళ్లకి టిష్యూ వాల్వ్ అమ్మేస్తున్నారు, అమ్మేయడం అన్న మాట కావాలనే అంటున్నాను.

ఎందుకంటే ఈయనకి పట్టింది 21 సైజు. పెట్టె మీద 21 అని రాసి ఉన్నా లోపల రక్తం వెళ్లే దారి దానికన్నా ఇరుకు. ఇప్పుడు ఆ ఇరుకు దారిలోనే ఇంకొక వాల్వ్, దాని ఫ్రేముతో సహా. దారి ఇంకా చిన్నదవుతుంది, గుండె మళ్లీ బిగుసుకున్న వాల్వ్‌ని నెట్టినట్టే నెట్టాలి. చిన్న సైజు వాల్వ్ లోపల పెట్టినవాళ్లు పెద్ద సైజులో పెట్టినవాళ్లంత బాగా లేరని రికార్డులు చూపించాయి. ఇంకొక ప్రమాదం, పాత వాల్వ్ రెక్కలు పక్కకి నెట్టబడి గుండెకి రక్తమిచ్చే నాళాల నోళ్లని మూసేయొచ్చు, ముందే సీటీ స్కాన్‌లో కొలిచి చూడాలి. సరే, అన్నీ కుదిరాయి, అరవై నాలుగులో వాల్వ్-ఇన్-వాల్వ్ అయింది. అది ఇంకో పదేళ్లు వచ్చిందనుకుందాం. డెబ్భై నాలుగు. ఇప్పుడు లోపల రెండు ఉన్నాయి. మూడోది ఎక్కడ పెడతారు? ఆ వయసులో ఛాతీ తెరిచి ఆ రెండూ తీయడం అన్నింటికన్నా కష్టమైన పని.

అందుకని ఈయన అడగాల్సింది "మెటలా టిష్యూనా" అని మాత్రమే కాదు. "టిష్యూ అయితే, రెండోసారి ఏం చేస్తారు, మూడోసారి ఏం చేస్తారు, ఏ వరసలో?" అని. నన్నడిగితే అరవై నాలుగులో ఇంకా ఒంట్లో బలం ఉన్నప్పుడు ఛాతీ తెరిచి మార్చి, కెథెటర్ దారిని డెబ్భై అయిదుకి దాచుకోవడం మంచి వరస. ఇంకొక మాట, మొదటి ఆపరేషన్‌లోనే రింగుని కోసి ఒక పట్టీ కుట్టి వెడల్పు చేయొచ్చు. రూట్ ఎన్‌లార్జ్‌మెంట్ అంటారు. అలా చేస్తే 21 పట్టే చోట 23గానీ 25గానీ పడుతుంది. ఆపరేషన్ కాస్త పెద్దదవుతుంది, అందరు సర్జన్లూ చేయరు. కానీ ఆ రెండు నాలుగు మిల్లీమీటర్లే పన్నెండేళ్ల తర్వాత ఈయనకి ఉండే దారుల్ని నిర్ణయిస్తాయి.

మరి ఈయనకి నేను ఏది పెడతాను? పరీక్షలు చేయించుకుంటూ మందు క్రమంగా వేసుకోగలిగిన మనిషయితే, నేను మెకానికల్ వైపే కొంచెం మొగ్గుతాను. ఎత్తుల మీద ఎక్కి పనిచేసే మనిషి, దెబ్బలు తగిలే పని, కడుపులో పుండు ఉన్నవాడు, లేదా పరీక్ష చేయించుకునే చోటే దగ్గర్లో లేనివాడు అయితే టిష్యూ, అదీ రింగు వెడల్పు చేసి. ఈయనే 68 ఏళ్లవాడయితే? రెండో ఆలోచన లేదు, టిష్యూ. అప్పుడు బహుశా ఒక్క వాల్వే చివరిదాకా వస్తుంది, రాకపోయినా ఒక్క కెథెటర్‌తో సరిపోతుంది. ఈయనే 35 ఏళ్లవాడయితే? టిష్యూ పెడితే జీవితకాలంలో రెండు, మూడు ఆపరేషన్లు ఖాయం అనుకోవాలి, కాబట్టి మెకానికల్. లేదంటే రాస్ అని ఒక ఆపరేషన్ ఉంది, తన సొంత పల్మనరీ వాల్వ్‌నే తీసి అయోర్టిక్ చోట పెట్టేది, అది బాగా చేతనైన చోట మాత్రమే.

వయసు గీతలు ఎక్కడి నుంచి వచ్చాయి

ఇది నా సొంత లెక్క అనుకోకండి. అమెరికా మార్గదర్శకాలు 2020లో అయోర్టిక్ చోట యాభై లోపు మెకానికల్, అరవై అయిదు పైన టిష్యూ, మధ్యలో మనిషిని బట్టి అన్నాయి. యూరప్ వాళ్లు 2021లో అరవై లోపు మెకానికల్ అన్నారు. గీత కొంచెం అటూ ఇటూ. కాలిఫోర్నియాలో వేలమంది రికార్డులు చూసి 2017లో ఒక పెద్ద పరిశీలన అచ్చయింది. అయోర్టిక్ చోట యాభై అయిదేళ్ల దాకా మెకానికల్ పెట్టినవాళ్లే ఎక్కువకాలం బతికారు, ఆ పైన తేడా కనిపించలేదు. మైట్రల్ చోట ఆ లాభం డెబ్భై దాకా ఉంది. ఎందుకు? మైట్రల్ చోట టిష్యూ వాల్వ్ తొందరగా పాడవుతుంది, గుండె గట్టిగా నొక్కినప్పుడల్లా ఆ పూర్తి ఒత్తిడిని మూసుకుని ఆపాల్సింది అదే కదా.

అమెరికా సైనికుల ఆసుపత్రుల్లో 1977 నుంచి 1982 దాకా చీటీ తీసినట్టు ఎవరికి ఏది అని పంచి పెట్టి, పదిహేనేళ్లు చూశారు. పాత వాల్వులే అయినా ఒక సంగతి నాకు ఎప్పుడూ గుర్తుంటుంది. అయోర్టిక్‌లో మెకానికల్ వాళ్లకి రక్తస్రావం నూటికి యాభై ఒకటి, అది అనుకున్నదే. టిష్యూ వాళ్లకి ఎంత? సున్నా అనుకుంటున్నారా? ముప్పై. వయసు పెరిగే కొద్దీ గుండె లయ తప్పుతుంది, దానికి పలచబడే మందు మొదలవుతుంది, రెండో ఆపరేషన్ జరుగుతుంది. కాబట్టి టిష్యూ పెట్టించుకుంటే జీవితాంతం పలచబడే మందు ఉండదని ఎవరూ రాసివ్వలేరు. ఒక్క ఊరట, టిష్యూ వాల్వ్‌తో లయ తప్పినవాళ్లకి పరీక్షలు అక్కర్లేని ఆ కొత్త మందులు చాలావరకు వాడొచ్చు.

ఇక్కడ ఆడపిల్లల గురించి చెప్పకపోతే తప్పవుతుంది. ముందు వరసలో కూర్చున్న అమ్మగారు ఇందాక టీ తాగేటప్పుడు అడిగారు. పిల్లలు కావాలనుకునే అమ్మాయికి వాల్వ్ మార్చాలంటే, ఇన్ని లెక్కలూ తలకిందులవుతాయి. వార్ఫరిన్ బిడ్డకి చేరుతుంది. గర్భం వచ్చిన ఆరో వారం నుంచి పన్నెండో వారం దాకా బిడ్డ ఎముకలూ ముక్కూ తయారయ్యే కాలంలో లోపాలు రావచ్చు, మోతాదు రోజుకి 5 మిల్లీగ్రాముల లోపుంటే ఆ ప్రమాదం తక్కువ. హెపారిన్ ఇంజక్షన్లకి మారిస్తే బిడ్డకి చేరదు, కానీ తల్లి వాల్వ్ మీద గడ్డ కట్టే ప్రమాదం పెరుగుతుంది. ఎటు తిరిగినా ఒకరికి ముప్పు. అందుకని చాలామంది అమ్మాయిలు టిష్యూ ఎంచుకుంటారు, ముప్పై అయిదు, నలభై దగ్గర ఇంకో ఆపరేషన్ ఖాయమని తెలిసే ఎంచుకుంటారు. అది తెలివితక్కువ నిర్ణయం కాదు. కానీ ఆ మాట ఆపరేషన్‌కి ముందే ఆ అమ్మాయితో, ఆ అమ్మాయితోనే, చెప్పాలి, పెద్దవాళ్లతో మాట్లాడేసి సంతకం పెట్టించడం కాదు.

ఇంక ప్రశ్నలు తీసుకుంటాను.

వాల్వ్ శబ్దం గురించి అడిగారు. అవునండీ, మెకానికల్ వాల్వ్ టిక్ టిక్‌మంటుంది, రాత్రి నిశ్శబ్దంలో గోడ గడియారంలా వినిపిస్తుంది. చాలామంది అలవాటుపడతారు, కొందరు పడరు, నిద్ర పట్టక ఇబ్బందిపడే మనిషయితే ముందే చెప్పండి. కానీ ఆ శబ్దం పనికొస్తుంది కూడా. రోజూ స్ఫుటంగా వినిపించే టిక్ మందగించినా, వినపడకపోయినా, దానితోపాటు ఆయాసం ఉన్నా, గడ్డ కట్టి రెక్క బిగుసుకుంటోందేమో అని అదే రోజు ఆసుపత్రికి రావాలి. ఎకోతో పాటు ఎక్స్‌రే కింద రెక్కలు కదులుతున్నాయో లేదో చూస్తాం. మర్నాడు చూద్దాంలే అనుకునే జబ్బు కాదది.

పళ్లు పీకించుకునేటప్పుడు ఏం చేయాలని ఇంకొకరు. ఏ రకం వాల్వ్ అయినా సరే, పళ్ల చిగుళ్లు తెగే పని ఏదున్నా గంట ముందు యాంటీబయాటిక్ వేసుకోవాలి, మామూలుగా అమాక్సిసిలిన్ 2 గ్రాములు, పడనివాళ్లకి వేరేది ఇస్తారు. దాంతో వాల్వ్‌కి ఇన్ఫెక్షన్ పట్టకుండా ఉంటుంది. వార్ఫరిన్ మాత్రం మీ అంతట మీరు ఆపకండి, ఒక్క పన్ను పీకడానికి చాలాసార్లు ఆపక్కర్లేదు కూడా, ముందురోజు ఐఎన్ఆర్ చూపిస్తే చాలు.

చివరి ప్రశ్న, సాయంత్రం మాత్ర మర్చిపోతే? అదే రోజు రాత్రి పడుకునే లోపు గుర్తొస్తే వేసేసుకోండి. మర్నాడు గుర్తొస్తే దాన్ని వదిలేసి, ఆ రోజు మాత్ర మామూలుగా వేసుకోండి, రెండూ కలిపి వేయకండి. మర్చిపోయిన తేదీ పుస్తకంలో రాసుకోండి, తర్వాతి ఐఎన్ఆర్ తక్కువ వస్తే ఎందుకో మాకు తెలుస్తుంది, అనవసరంగా మోతాదు పెంచం. వరసగా రెండు రోజులు తప్పిపోతే ఫోన్ చేయండి, తిడతారని దాచకండి.